గజల్ రాశాను, "ఇది గజల్ కాదు" అన్నారు. ఎక్కడ తప్పింది?

కాజీపేట_కుర్రోడు (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా గజల్ రాయాలని కుస్తీ పడుతున్నా. ఒక సాహితీ సమావేశంలో చదివితే ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన "బాగుంది బాబూ, కానీ గజల్ కాదు, పాట" అని వెళ్ళిపోయారు. ఎందుకో చెప్పలేదు. ప్రతి రెండో పాదం చివర ఒకే మాట వస్తోంది, దాని ముందు ప్రాస కూడా ఉంది, ఇంకేం కావాలి? కింద పెడుతున్నా, మొహమాటం లేకుండా చెప్పండి.

ఎదురు చూసే కళ్ళకే ఎపుడు వస్తావు నువ్వు
చేతి నిండా వెన్నెలే ఎపుడు తెస్తావు నువ్వు

రైలు కూత వినిపించి గేటు దాకా పరుగు తీశా
దిగిన వాళ్ళలో లేవు, ఎక్కడ ఉంటావు నువ్వు

అక్కడే కూర్చున్నాను బెంచి మీద తెల్లవార్లూ
టీ అమ్మేవాడు అడిగాడు ఏం చేస్తావు నువ్వు

ఇంటికొచ్చి తలుపు తీస్తే నీ చెప్పులు వాకిట్లో
ఇంత దూరం నన్ను తిప్పి నవ్వి చూస్తావు నువ్వు

గళం_గౌతమి (సోమవారం, రాత్రి 11:05)

తమ్ముడూ, చాలా బాగుంది, కళ్ళ ముందు స్టేషన్ కనపడింది. ఏ రాగంలో కట్టుకున్నావ్? నేను హార్మోనియం మీద పెట్టి చూశా, మొదటి రెండు లైన్లు హాయిగా నడిచాయి, "టీ అమ్మేవాడు" దగ్గరికి వచ్చేసరికి గొంతు తట్టుకుంది. మా బ్యాచ్‌లో ఒకాయన రాసిచ్చిన గజల్‌కి కూడా ఇదే గోల, లైనుకో పొడవు. పాడేవాళ్ళని కాస్త దృష్టిలో పెట్టుకుని రాయండయ్యా.

కాజీపేట_కుర్రోడు (సోమవారం, రాత్రి 11:12)

అక్కా, రాగం గురించి కాదు నా ప్రశ్న :) కానీ లైను పొడవు మాట నోట్ చేసుకున్నా.

నిప్పురవ్వ (సోమవారం, రాత్రి 11:30)

గజల్‌కి రదీఫ్ ప్రాణం, అంటే పాదం చివర తిరిగి తిరిగి వచ్చే మాట. నీకు "నువ్వు" ఉంది, కాబట్టి గజలే. దాని ముందు వచ్చే ప్రాస, అదే కాఫియా, ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది. అసలు లోపం చివర్లో నీ పేరు లేకపోవడం. తఖల్లుస్ లేనిది గజల్ అవ్వదు. ఆ పెద్దాయన అందుకే అని ఉంటారు.

పాతబస్తీ (మంగళవారం, ఉదయం 7:15)

నిప్పురవ్వ భాయ్, తలకిందులుగా చెప్పారు. రదీఫ్ లేకుండా గజళ్ళు ఉన్నాయి, వాటికి ఉర్దూలో పేరు కూడా ఉంది, గైర్ మురద్దఫ్ అంటారు. కాఫియా లేకుండా మాత్రం గజల్ లేదు. మా తాతయ్య ముషాయిరాలకు, అంటే ఉర్దూ కవి సమ్మేళనాలకు పోయేవారు, ఆయన చెప్పేది ఒకటే, కాఫియా గుమ్మం అయితే రదీఫ్ దానికి కట్టిన తోరణం, గుమ్మం లేకుండా తోరణం ఎక్కడ కడతావు అని. తఖల్లుస్ కూడా ఆనవాయితీయే, పెట్టకపోతే కొంపేం మునగదు.

తమ్ముడి దాంట్లో నాకు కనపడిన మొదటి తప్పు రెండో షేర్‌లో, అంటే రెండో జంట పాదాల్లో. మొదటి షేర్ అయిన మత్లాలో వస్తావు, తెస్తావు అని రెండు పాదాల్లోనూ "స్తావు" కట్టి మాట ఇచ్చావు. మత్లా అంటే ఒప్పందం లాంటిది, అక్కడ నువ్వు చూపించిందే చివరిదాకా వినేవాళ్ళు ఎదురు చూస్తారు. తర్వాతి షేర్‌కే "ఉంటావు" అన్నావు. మాట తప్పావు.

మాత్రల_మేష్టారు (మంగళవారం, ఉదయం 9:50)

పాతబస్తీ గారు చెప్పింది సరైనదే, ఇంకో మెట్టు కిందికి దిగితే అసలు జబ్బు తెలుస్తుంది. "ఉంటావు" బదులు "ఇస్తావు" అని దిద్దితే సరిపోతుందా? సరిపోదు. వస్తావు, తెస్తావు, ఇస్తావు, చేస్తావు, చూస్తావు, వీటన్నిటిలోనూ కలుస్తున్నది వ్యాకరణం వేసిన తోక. తెలుగులో క్రియ ఏదైనా ఆ తోక ఊరికే వచ్చి తగులుకుంటుంది, దానికి కవి కష్టపడక్కర్లేదు, అందుకే వినేవాడి చెవికి అందులో ఆశ్చర్యం ఉండదు.

పరీక్ష చాలా తేలిక. తోక కోసి మిగిలింది చూడండి. "స్తావు" తీసేస్తే వ, తె, చే, చూ మిగిలాయి. ఇవి ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా? లేదు. అదే రాస్తావు, కాస్తావు, దాస్తావు అనుకోండి, తోక తీసినా రా, కా, దా మిగులుతాయి, చెవికి పట్టుకోడానికి ఒక "ఆ" ఉంది. ఉర్దూలోనూ ఈ లోపాన్ని పట్టుకుంటారు, కానీ వాళ్ళకంటే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, మన భాషలో ప్రతి మాటకీ తోకే. "లో", "కి", "తో", "నుంచి", ఏది తీసుకున్నా వంద ప్రాసలు ఉచితంగా దొరుకుతాయి. ఉచితంగా దొరికిన కాఫియాతో నలభై షేర్లు రాయొచ్చు, ఒక్కటీ గుర్తుండదు.

పద్యప్రియ (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

అయ్యా, ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం కదా. ఇక్కడ "ఎదురు", "చేతి" అని ఉన్నాయి, ద-త ప్రాస కుదరలేదు. కందంలో అయితే మొదటి పాదంలోనే దొరికిపోయేవాడు.

పాతబస్తీ (మంగళవారం, మధ్యాహ్నం 1:45)

పద్యప్రియ గారూ, మీరు వేరే బండి ఎక్కారు :) గజల్‌లో ప్రాస పాదం చివర, రదీఫ్‌కి ఆనుకుని ముందు. పాదం మొదట్లో దానికి పనే లేదు.

కాజీపేట_కుర్రోడు (మంగళవారం, సాయంత్రం 6:30)

మేష్టారూ, తోక పరీక్ష అర్థమైంది, దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ పెద్దాయన "పాట" అన్నది దీనికేనా? ప్రాస తప్పితే చెడ్డ గజల్ అనాలి, పాట అని ఎందుకు అన్నట్టు?

సరళ_డాలస్ (మంగళవారం, రాత్రి 8:10)

అది నేను చెప్తా. మీ షేర్లని చీటీల మీద రాసి కలిపేసి తీయండి. మూడోది ముందొస్తే "అక్కడే కూర్చున్నాను" ఎక్కడ? ఎవరికీ తెలీదు. నాలుగోది విడిగా ఎవరికైనా వాట్సాప్‌లో పంపితే "ఇంత దూరం" అంటే ఎంత దూరం అని అడుగుతారు. మీరు రాసింది ఒక రాత్రి జరిగిన కథ, రైలు, బెంచి, ఇల్లు, చెప్పులు అని వరసగా. కథగా నాకు చాలా నచ్చింది, నిజంగా. కానీ గజల్‌లో ప్రతి రెండు పాదాలూ దేనికదే ఒక పూర్తి ఇల్లు. పక్కింటి గోడ మీద ఆనుకుని కట్టకూడదు.

నిప్పురవ్వ (మంగళవారం, రాత్రి 8:40)

అలా అయితే ముసల్సల్ గజల్ అని ఒకటి ఉంది కదా, ఒకే విషయం మీద నడిచేది? అది గజల్ కాదా?

మాత్రల_మేష్టారు (మంగళవారం, రాత్రి 9:30)

ఉంది, ఈసారి మీ మాట సగం సరైనది. ముసల్సల్‌లో విషయం ఒకటే, మూడ్ ఒకటే, అయినా ఏ షేర్ కా షేర్ విడిగా నిలబడుతుంది. ఒక షేర్‌లో మొదలైన వాక్యం ఇంకో షేర్‌లో పూర్తవ్వడం, "అది", "అక్కడే", "అప్పుడు" అని వెనక్కి చూపించడం ఉండవు. కుర్రోడి దాంట్లో ఆ ఒక్క "అక్కడే" తీసేసి చూడండి.

స్టేషనులో బెంచి మీద తెల్లవార్లూ కూర్చుంటే
టీ అమ్మేవాడు అడిగాడు ఏం చేస్తావు నువ్వు

ఇప్పుడిది ఎవరి సాయమూ లేకుండా నిలబడింది. ఇంకో సంగతి గమనించావా బాబూ, నీ గజల్ మొత్తంలో రదీఫ్ బతికింది ఈ ఒక్క చోటే. మిగతా మూడు షేర్లలో "నువ్వు" అంటే ప్రేయసే. ఇక్కడ హఠాత్తుగా "నువ్వు" అంటే నువ్వే అయిపోయావు, టీ అమ్మేవాడి నోటి నుంచి. మాట అదే, వేలు చూపించే దిక్కు మారింది. రదీఫ్ పెట్టుకునేదే ఇందుకు.

పాతబస్తీ (మంగళవారం, రాత్రి 10:05)

వాహ్ మేష్టారు. గాలిబ్‌ది తీసుకోండి, రదీఫ్ "నహీ ఆతీ", కాఫియాలు బర్, నజర్, భర్, పర్, మగర్. ఒక షేర్‌లో ఆశ తీరదు, ఇంకో దాంట్లో రాత్రంతా నిద్ర రాదు, ఇంకో దాంట్లో దేనికీ నవ్వు రాదు, కవి పేరు వచ్చే చివరి షేర్ మక్తాకి వచ్చేసరికి కాబాకి ఏ మొహంతో పోతావు గాలిబ్, నీకు సిగ్గు రాదే అంటాడు. రెండే మాటలు, ఎన్ని రకాలుగా "రావు" అవి! దాశరథి గారు "గాలిబ్ గీతాలు" పేరుతో తెలుగు చేశారు, దొరికితే చదువు తమ్ముడూ.

కాజీపేట_కుర్రోడు (బుధవారం, ఉదయం 6:50)

రాత్రి నిద్ర పట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి రాద్దామని కూర్చున్నా. రదీఫ్ "ఉంది" అనుకున్నా. మాట ఉంది, బాట ఉంది, పాట ఉంది... కాగితం మీద బాగుంది, చదువుతుంటే మాటుంది, బాటుంది, పాటుంది అయిపోతోంది. ఏది కాఫియా, ఏది రదీఫ్ నాకే తెలియట్లేదు.

మాత్రల_మేష్టారు (బుధవారం, ఉదయం 8:15)

అచ్చుతో మొదలయ్యే రదీఫ్ తెలుగులో పెట్టుకుంటే సంధి దాన్ని మింగేస్తుంది. హల్లుతో మొదలయ్యే మాట వెతుకు. నువ్వే ఇప్పుడు ఒకటి రాశావు చూసుకో. "నిద్ర పట్టలేదు" అన్నావు. "పట్టింది" అని పెట్టుకుంటే ఎన్ని పట్టొచ్చు? నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, దయ్యం పట్టింది, చెమట పట్టింది, గంట పట్టింది, సంచిలో పట్టింది. ఇలా పలు రకాలుగా వాడుకలో ఉన్న మాట రదీఫ్‌కి బంగారం, ఎందుకంటే అర్థం మార్చడానికి నువ్వు తంటాలు పడక్కర్లేదు, భాషే మార్చిపెట్టింది.

ఇప్పుడు కాఫియా. పట్టే వాటిలో తోక లేని నామవాచకాలు కావాలి. ముసురు, చమురు, చిగురు, మిణుగురు, నెత్తురు, బెదురు, వెదురు. అన్నిటికీ చివర "ఉరు" ఉంది, అది మాటలో పుట్టుకతో ఉన్నది, తగిలించింది కాదు. పొగరు మాత్రం తీసుకోకు, అది "అరు". కాగితం మీద ముందు ఈ మాటల జాబితా రాసుకో, ఎనిమిది పది రాకపోతే ఆ కాఫియా వదిలెయ్. కునుకు, వణుకు అని మత్లా కట్టినవాళ్ళని చూశాను, మూడో షేర్‌కి మాటలు అయిపోయి మళ్ళీ కునుకే తెచ్చారు.

నడక సంగతి. "పట్టింది" అంటే రెండు, రెండు, ఒకటి, మొత్తం 5 మాత్రలు. కాబట్టి పాదమంతా ఐదేసి మాత్రల నాలుగు ముక్కలు చేసుకుంటే చివరి ముక్క రదీఫ్‌కి అచ్చంగా సరిపోతుంది. 20 మాత్రలు. ఖండగతి. చేత్తో తక తకిట అని కొట్టుకుంటూ రాయి. గౌతమి గారి గొంతు తట్టుకోదు.

కాజీపేట_కుర్రోడు (బుధవారం, రాత్రి 11:20)

మేష్టారూ, ఆఫీసులో బల్ల మీద తక తకిట కొట్టి తిట్లు తిన్నా. మత్లా వచ్చింది.

మబ్బు లేదే ఊరికే ముసురు పట్టింది
దివ్వె తుడిచిన చేతికే చమురు పట్టింది

మబ్బు లే, దే ఊరి, కే ముసురు, పట్టింది. ఐదు ఐదు ఐదు ఐదు. లెక్క సరిపోయిందా?

గళం_గౌతమి (బుధవారం, రాత్రి 11:41)

సరిపోయింది! ఇప్పుడే పాడా. "ఊరికే" అంటే కారణం లేకుండా అనీ, ఊరికి మాత్రమే అనీ రెండూ వస్తున్నాయి, అనుకుని పెట్టావా?

కాజీపేట_కుర్రోడు (బుధవారం, రాత్రి 11:44)

అనుకుని పెట్టానని చెప్పాలని ఉంది అక్కా.

మాత్రల_మేష్టారు (గురువారం, ఉదయం 7:00)

మంచి మత్లా. ఒక్క ఇబ్బంది. రెండు పాదాల్లోనూ కాఫియా ముందు "కే" వచ్చింది. ఊరికే ముసురు, చేతికే చమురు. నియమం ప్రకారం తప్పు కాదు, కానీ మత్లాలో రెండుసార్లు వినపడింది చెవి పట్టేసుకుంటుంది, ప్రతి షేర్‌లోనూ "కే" కోసం ఎదురు చూస్తుంది. తెలియకుండా ఇంకో ఒప్పందం మీద సంతకం పెట్టావు. రెండో పాదం "దివ్వె తుడిచిన చేతులకు చమురు పట్టింది" అని మార్చు, మాత్రలు అలాగే ఉంటాయి, ముడి విడిపోతుంది.

పాతబస్తీ (గురువారం, ఉదయం 9:25)

నాకు వేరే అనుమానం. మొదటి పాదం వాన, రెండో పాదం దీపం. మధ్యలో వంతెన ఏది? మా తాతయ్య ఇలాంటివి వింటే "దో లఖ్త్" అనేవారు, రెండు ముక్కలు పక్కపక్కన పడేశావు, అతకలేదు అని. షేర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉండాలి గానీ, ఒకే షేర్‌లో రెండు పాదాలూ విడాకులు తీసుకోకూడదు.

సరళ_డాలస్ (గురువారం, సాయంత్రం 5:50)

నాకైతే అతికింది. మబ్బు లేకుండా ముసురు, మంచి పని చేసిన చేతికి జిడ్డు. రెండూ అడగకుండా వచ్చిపడినవే కదా.

పాతబస్తీ (గురువారం, సాయంత్రం 6:20)

మీరు వివరించాక అతికింది అక్కా. ముషాయిరాలో వివరించడానికి మీరు పక్కన ఉండరు కదా.

మాత్రల_మేష్టారు (గురువారం, రాత్రి 8:00)

నేను సరళ గారి వైపే కాస్త మొగ్గుతాను, కానీ పాతబస్తీ గారి అనుమానం కొట్టిపారేసేది కాదు. పదిమందికి వినిపించి చూడు బాబూ. "ఆహా" రెండో పాదం చివర పడితే అతికినట్టు, "ఊఁ" అని ఆగితే మళ్ళీ రాసుకోవాలి.

నిప్పురవ్వ (గురువారం, రాత్రి 9:10)

నేనూ ఒకటి ప్రయత్నించా, తిట్టకండి.

చెట్టు కొట్టిన వాడి ఇల్లంత కూలింది
గూడు చెదిరిన పిట్టదే ఉసురు పట్టింది

గళం_గౌతమి (గురువారం, రాత్రి 9:30)

నడక బాగుంది నిప్పురవ్వ గారూ. కానీ ఉసురు తగులుతుంది కదండీ, ఉసురు పోసుకుంటారు. మా ఊళ్ళో ఉసురు పట్టింది అని ఎవరూ అనరు. కాఫియా కోసం మాటని బలవంతంగా లాక్కొచ్చినట్టుంది.

నిప్పురవ్వ (గురువారం, రాత్రి 9:33)

శాపం పట్టినప్పుడు ఉసురు పట్టదా? సరే, ఆలోచిస్తా.

కాజీపేట_కుర్రోడు (శనివారం, రాత్రి 10:15)

రెండు రోజులు కష్టపడితే రెండు వచ్చాయి.

గొడ్డలికి పిడి చేసి మూలనే పెట్టారు
వానకాలం రాగనే చిగురు పట్టింది

వీధంత చీకటై పెద్దలం తిడుతుంటె
పాప గుప్పిటలో ఒక మిణుగురు పట్టింది

పాతబస్తీ (శనివారం, రాత్రి 10:32)

గొడ్డలి షేర్‌కి దండం తమ్ముడూ. మొదటి పాదంలో ఏమీ చెప్పలేదు, మూలన పెట్టారు అని ఊరుకున్నావు. రెండో పాదంలో కూడా "వానకాలం రాగనే" దాకా తెలియనివ్వలేదు. కాఫియా దగ్గర పిడి మళ్ళీ చెట్టయింది. ఇది ఒక్కటే పంపినా చాలు, ముందూ వెనకా ఏదీ అక్కర్లేదు.

మాత్రల_మేష్టారు (శనివారం, రాత్రి 11:00)

మిణుగురు షేర్‌లో "పట్టింది" రెండు రకాలుగా వింటున్నాను. పాప పట్టుకుంది అని ఒకటి, అంత చిన్న గుప్పిటలో పట్టేసింది అని ఇంకొకటి. ముసురు కమ్ముకుంది, చమురు అంటుకుంది, చిగురు వేసింది, మిణుగురు చిక్కింది. ఒకే మాట నాలుగు పనులు చేసింది.

"పెద్దలం" అన్నది చిన్న మాటే గానీ బాగా పడింది, తిట్టేవాళ్ళలో నువ్వూ ఉన్నావు. "తిడుతుంటె" అని కుదించక తప్పలేదు, సరే. ఇంకో షేర్, మక్తా రాస్తే ఐదవుతాయి, ఆనవాయితీగా ఐదుకి తగ్గకుండా ఉంటే మంచిది.

కాజీపేట_కుర్రోడు (ఆదివారం, మధ్యాహ్నం 3:40)

తఖల్లుస్ "బాటసారి" అని పెట్టుకున్నా, నవ్వకండి. నాలుగోది ఇంకా రాలేదు, మక్తా ముందే వచ్చేసింది.

బాటసారీ నీకు ఊరేది పేరేది
నడకకే ఇన్నాళ్లకీ కుదురు పట్టింది

పద్యప్రియ (ఆదివారం, సాయంత్రం 4:30)

నాయనా, ముందు నేను ప్రాస విషయంలో పొరబడ్డాను, ఇప్పుడు పొరబడలేదు. కుదురు ఉంటుంది, కుదురు చిక్కుతుంది. కుదురు పట్టదు. మొన్న ఉసురుకి అభ్యంతరం చెప్పారు, మరి దీనికి చెప్పరా?

గళం_గౌతమి (ఆదివారం, సాయంత్రం 5:05)

నాకైతే ఇది అంత కొరుకుడు పడనిదిగా లేదు. మొక్కకి కుదురు కడతాం, కుదురులో నీళ్ళు పడతాం. నడకకి కుదురు అనగానే వేరు పాతుకున్నట్టు అనిపించింది.

నిప్పురవ్వ (ఆదివారం, సాయంత్రం 5:20)

అదీ! నా ఉసురుకి మాత్రం ఎవరూ ఇలా వకాల్తా పుచ్చుకోలేదు.

మాత్రల_మేష్టారు (ఆదివారం, రాత్రి 9:15)

పద్యప్రియ గారి అభ్యంతరం న్యాయమైనదే, నేను దానికి జవాబు చెప్పలేను. వాడుకలో లేని జతని గజల్ కొత్తగా పుట్టించవచ్చు, కానీ అది ఇష్టపడి పుట్టించినట్టు వినపడాలి, కాఫియాకి మాట దొరక్క పెట్టినట్టు కాదు. ఇక్కడ నాకు రెండూ వినపడుతున్నాయి. "బెదురు"తో ఒకసారి ప్రయత్నించి చూడు, ఊరూ పేరూ అడిగేసరికి నడకకి బెదురు పట్టింది అంటే ఎలా ఉంటుంది?

కాజీపేట_కుర్రోడు (ఆదివారం, రాత్రి 11:50)

బెదురుతో రాస్తే బాటసారి పారిపోతున్నాడు మేష్టారూ, నాకు వాడు ఆగాలని ఉంది. కుదురే ఉంచుతున్నా ప్రస్తుతానికి. వచ్చే నెల అదే సమావేశానికి వెళ్తున్నా, ఆ పెద్దాయన వస్తే చదివి మళ్ళీ చెప్తా. నాలుగో షేర్‌కి "వెదురు" పట్టుకుని కూర్చున్నా, పిల్లనగ్రోవి తప్ప ఇంకేమీ తోచట్లేదు, అది అందరూ రాసేశారు. వెదురుతో ఇంకేం చేస్తారు?

గళం_గౌతమి (సోమవారం, ఉదయం 6:10)

తడికలు, నిచ్చెన, పాడె.

కాజీపేట_కుర్రోడు (సోమవారం, ఉదయం 6:25)

నిచ్చెన, పాడె... అక్కా, ఉండండి, ఉండండి.